‘జీరో బిల్లు’ అని రాసే ముందు

సోలార్ డీలర్ల రీల్స్ కింద కాప్షన్లు దాదాపు ఒకేలా ఉంటాయి. ‘3 కిలోవాట్ వేయించండి, నెలకు 3,000 ఆదా, కరెంటు బిల్లు జీరో, 25 ఏళ్ల గ్యారంటీ!’ మన క్లబ్‌లో ఇలాంటి కాప్షన్లు తెలుగులో రాసిపెట్టేవాళ్లు ఉన్నారు కాబట్టి ఇది మన గొడవే. నా మాట ఒక్కటే: కాప్షన్‌లో యూనిట్లు చెప్పండి, రూపాయలు చదివేవాళ్ల బిల్లు చూసి చెప్పండి.

ఎందుకో లెక్క చూద్దాం. మన ఎండకు ఒక కిలోవాట్ ప్యానెల్ ఏడాది సగటున రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. అంటే 3 కిలోవాట్లకు నెలకు 360. వానాకాలంలో తగ్గుతుంది, వాటర్ ట్యాంక్ నీడ పడినా, దుమ్ము పట్టినా తగ్గుతుంది. ఇంతవరకు ఓకే. కానీ ఒక ఇంట్లో నెలకు 200 యూనిట్లే వాడి 1,200 బిల్లు కడుతున్నారనుకుందాం. అందులో 150 ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీలు అనుకోండి. సోలార్ పెట్టినా అవి పోవు. మిగిలేది 1,050. కట్టని డబ్బు ఆదా ఎలా అవుతుంది? నెట్ మీటర్ ద్వారా గ్రిడ్‌కి వెళ్లే అదనపు యూనిట్లకు కొంత వస్తుంది, కానీ ఆ రేటు మామూలుగా మనం కొనే రేటు కన్నా తక్కువ.

సబ్సిడీ పోను వాళ్లకి 1,20,000 ఖర్చయిందనుకోండి. నెలకు 3,000 లెక్కన 40 నెలల్లో తిరిగొస్తుందని లోన్ తీసుకుంటారు. 1,050 లెక్కన అయితే, అదనపు యూనిట్ల డబ్బు, లోన్ వడ్డీ పక్కన పెట్టినా తొమ్మిదేళ్లు దాటుతుంది. నిజానికి ఆ ఇంటికి 2 కిలోవాట్లే సరిపోయేవి.

ఇక ‘25 ఏళ్ల గ్యారంటీ’. అది సాధారణంగా ప్యానెల్ పనితీరు వారంటీ, అంటే అన్నేళ్ల తర్వాత కూడా సుమారు 80 శాతం కరెంటు ఇస్తుందనే మాట. ఇన్వర్టర్ వారంటీ వేరు, చాలా తక్కువ ఏళ్లు. ఆదాకి మాత్రం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు, ఎందుకంటే రేపటి కరెంటు రేటు డీలర్ చేతిలో లేదు. ఇంకో మాట, బ్యాటరీ లేని మామూలు ఆన్‌గ్రిడ్ సిస్టమ్ కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకుండా అలా పెట్టారు. ‘కరెంటు కోతలకు గుడ్‌బై’ అని రాస్తే అది అబద్ధమే.

నేనైతే ఇలా రాస్తా:

‘3 కిలోవాట్ల సోలార్: ఏడాది సగటున నెలకు సుమారు 360 యూనిట్లు, మీ డాబా మీద నీడని బట్టి. కేంద్ర సబ్సిడీ 78,000 వరకు, అర్హత ఉంటే. ఫిక్స్‌డ్ చార్జీలు ఉంటాయి. మీ ఏడాది బిల్లులు పంపండి, మీకు ఎంత మిగులుతుందో, అసలు ఎన్ని కిలోవాట్లు కావాలో లెక్కేసి చెప్తాం.’

‘ఇంత పొడుగు ఎవరు చదువుతారు బ్రో’ అంటారు. లక్ష పైన పెట్టేవాళ్లు చదువుతారు. పైగా మొదటి నెల బిల్లు రాగానే కోపంతో ఫోన్ చేసే కస్టమర్ కన్నా, ముందే బిల్లులు పంపి అడిగే కస్టమరే డీలర్‌కి లాభం.