బస్తా యూరియాకు ముప్పై ఆరు కిలోల సున్నం బాకీ

ఖరీఫ్ వస్తోందంటే మన సభల్లో రెండే మాటలు వినిపిస్తాయి. యూరియా దొరకలేదని ఒకటి, డీఏపీ దొరికినా కొనలేకపోతున్నామని మరొకటి. రెండూ న్యాయమైన మాటలే, వాటి మీద మన పోరాటం సాగుతూనే ఉంటుంది. కానీ పాడేరు, చింతపల్లి, అరకు కొండ భూముల్లో, వానలు ఎక్కువ పడే ఉత్తరాంధ్ర ఎర్ర గరప నేలల్లో మూడో మాట కూడా ఉంది. అది సున్నం. అక్కడి రైతు అప్పుచేసి తెచ్చిన డీఏపీలో ఎక్కువ భాగం పైరుకు అందక మట్టిలోనే చిక్కుకుపోతోంది. దానికి కారణం నేల పులిసిపోవడం.

నేల పులుపును పీహెచ్ అంకెతో కొలుస్తారు. 7 అంటే తటస్థం. అంతకంటే తగ్గేకొద్దీ ఆమ్లం పెరుగుతుంది. ఒక్క అంకె తగ్గిందంటే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు. అందుకే 6.5కూ 5.5కూ తేడా చూడ్డానికి చిన్నదైనా పైరుకు చాలా పెద్దది. 5.5 కంటే కిందికి దిగితే మట్టిలో గట్టిగా ఉండే అల్యూమినియం కరిగి నీటిలోకి వస్తుంది. అది వేరు కొసలను తినేస్తుంది. మొక్కను పీకి చూస్తే వేళ్లు పొట్టిగా, లావుగా, గోధుమరంగులో మొండి మొండిగా ఉంటాయి, సన్నని పీచువేళ్లు కనబడవు. రాజ్‌మా, కంది వంటి పప్పుజాతి పైర్ల వేరు బుడిపెలు కూడా సరిగా కట్టవు.

ఇప్పుడు ఎరువుల సంగతి చూద్దాం. నత్రజని ఆకును, పచ్చదనాన్ని, మాంసకృత్తులను ఇస్తుంది. అది చాలకపోతే మొక్కజొన్నలో కింది ఆకు కొస నుంచి నడి ఈనె వెంట పసుపు పాకుతుంది. భాస్వరం వేరు ఊనడానికి, మొక్క తన శక్తిని వాడుకోవడానికి, గింజ కట్టడానికి కావాలి. అది అందకపోతే లేత మొక్క ఊదారంగుకు తిరుగుతుంది. పొటాష్ మొక్క లోపలి నీటిని అదుపులో పెట్టి కాండానికి బలమిస్తుంది. లోటుంటే కింది ఆకుల అంచులు కాలినట్టు ఎండుతాయి. మూడూ వేరువేరు పనులు, ఒకదాని లోటును మరొకటి తీర్చదు. సున్నం ఈ మూడింటిలో ఏదీ కాదు. అందులో కాల్షియం ఉన్నా, ఆమ్ల నేలలో దాని అసలు పని ఈ మూడూ పైరుకు అందే దారి తెరవడం.

దారి ఎక్కువగా మూసుకుపోయేది భాస్వరానికే. మంచి నేలలోనే వేసిన భాస్వరంలో తొలి పంట అందుకునేది కొంత భాగమే. పులిసిన నేలలో కరిగి ఉన్న అల్యూమినియం, ఇనుము దాన్ని గట్టిగా పట్టేస్తాయి. డీఏపీ వేసినా మొక్కజొన్న ఊదారంగు తిరిగితే ఇది అనుమానించాలి. అయితే ఏజెన్సీ చలికి కూడా లేత మొక్క కొన్నాళ్లు ఊదారంగులో ఉంటుంది, ఎండ పెరిగితే సర్దుకుంటుంది. కాబట్టి ఆకు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు, వేరు కూడా చూడాలి, మట్టి పరీక్ష చేయించాలి.

నేల ఎందుకు పులుస్తుంది? కొంత వాన వల్ల. కాల్షియం, మెగ్నీషియం ఏటా నీటితో కిందికి కొట్టుకుపోతాయి. పంటతోపాటు మరికొంత పోతుంది. మిగతాది మన బస్తా వల్ల. యూరియా మట్టిలో అమ్మోనియాగా, తర్వాత నైట్రేటుగా మారుతుంది. ఆ మార్పులో ఆమ్లం పుడుతుంది. నేల శాస్త్రంలో వాడే లెక్క ప్రకారం వంద కిలోల యూరియా మిగిల్చే ఆమ్లాన్ని విరచడానికి సుమారు 80 కిలోల మెత్తని సున్నపురాయి పొడి కావాలి. అమ్మోనియం సల్ఫేటుకైతే 110 కిలోలు.

ఎకరం మొక్కజొన్న తీసుకుందాం. 80 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్ వేయాలనుకుందాం. 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. భాస్వరం దాదాపు సరిపోయింది. మిగతా 71 కిలోల నత్రజనికి మూడున్నర బస్తాల యూరియా పడుతుంది, ఎందుకంటే 45 కిలోల బస్తాలో ఉండేది 20.7 కిలోలే. పొటాష్‌కు 33 కిలోల మ్యూరియేట్ చాలు, అది నేలను పులియబెట్టదు. ఇక బాకీ చూడండి. యూరియా బస్తాకు 36 కిలోల చొప్పున 126 కిలోల సున్నపురాయి. డీఏపీకి మరో 35. ఒక్క పంటకు 160 కిలోలు. నైట్రేటు వానకు కొట్టుకుపోతే ఇది పెరుగుతుంది, చొప్పను పొలంలోనే కలిపితే తగ్గుతుంది. ఏటా తీర్చని ఈ బాకీ పేరుకుంటుంది.

తీర్చే పద్ధతి కష్టమైనదేమీ కాదు. మెత్తని సున్నపురాయి పొడి గానీ డోలమైట్ గానీ విత్తడానికి మూడు నాలుగు వారాల ముందు చల్లి దున్ని మట్టిలో కలపాలి. మొత్తం మోతాదు మట్టి పరీక్ష చెబుతుంది. ఇసుక నేలకు తక్కువ, బంకమట్టికి ఎక్కువ పడుతుంది. అంత కొనలేని రైతు ఎకరాకు 80 నుంచి 160 కిలోలు విత్తే చాళ్లలో వేసుకోవచ్చు. ఆమ్ల నేలలకు వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే చవక మార్గం ఇదే, కాకపోతే ప్రతి పంటకూ వేయాలి. సున్నాన్ని యూరియాతో, డీఏపీతో కలిపి ఒకేసారి చల్లితే నత్రజని ఘాటు వాసనగా గాలిలో కలిసిపోతుంది. గోడలకు కొట్టే సున్నం కూడా పనిచేస్తుంది, కానీ అది ఘాటైనది, తక్కువ మోతాదు చాలు, చేతులు కళ్లు జాగ్రత్త.

అందరూ సున్నం వేయాలని దీని అర్థం కాదు. నల్లరేగడిలో సున్నం సహజంగానే ఉంటుంది. గుప్పెడు మట్టి మీద నాలుగు చుక్కల వెనిగర్ పోస్తే బుసబుసమని పొంగిందంటే ఆ నేలకు సున్నం అక్కర్లేదు. పొంగకపోయినంత మాత్రాన నేల పులిసిందని కాదు. నీరు నిలిపిన వరి మడిలో పులుపు దానంతటదే తగ్గుతుంది. జరూరు లేనిచోట సున్నం ఎక్కువైతే జింకు అందదు. ఇంకో గందరగోళం జిప్సం. వేరుశనగకు ఊడలు దిగేటప్పుడు వేసే జిప్సం కాల్షియం, గంధకం ఇస్తుంది, చవుడును బాగుచేస్తుంది, కానీ పులుపును విరచదు. తెల్ల పొడి కదా అని ఒకదాని బదులు ఒకటి అమ్మే దుకాణాలు ఉన్నాయి, బస్తా మీద పేరు చదివి కొనండి.

ఇక ప్రభుత్వం సంగతి. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ తెచ్చినప్పుడు యూరియాను దాని బయట ఉంచారు. భాస్వరం, పొటాష్ ధరలు పెరిగాయి, యూరియా ఒక్కటే చవకగా మిగిలింది. రైతు చవకదే ఎక్కువ వాడాడు, అందులో అతని తప్పేముంది? 2015లో మొదలైన భూసార కార్డులో పీహెచ్ అంకె అచ్చువేసి ఇస్తున్నారు. 5.2 అని రాసిన కార్డు చేతికిచ్చి, సున్నం ఎక్కడ దొరుకుతుందో చెప్పకపోతే ఆ కాగితంతో గిరిజన రైతు ఏం చేసుకోవాలి? సున్నపురాయి పల్నాడులో, కడపలో, నంద్యాలలో గుట్టలుగుట్టలుగా ఉంది. కొండ మీదికి చేరేసరికి రాయి ధర కంటే లారీ కిరాయి ఎక్కువవుతుంది. అందుకే రవాణా ఖర్చు ప్రభుత్వమే భరించి, పీహెచ్ 5.5 కంటే తక్కువ ఉన్న గ్రామాలకు విత్తనాలతోపాటే సున్నపురాయి పొడిని సబ్సిడీపై ఇవ్వాలని మన సంఘం అడుగుతోంది.

మండలాల వారీగా అర్జీలు పెట్టేందుకు మన దగ్గర అంకెలు ఉండాలి. పంట కోశాక, ఎరువు వేయకముందు, ఎకరానికి ఎనిమిది పది చోట్ల జానెడు లోతు వరకు ‘వి’ ఆకారంలో గుంట తీసి, దాని అంచు నుంచి మట్టి గీకి, అంతా కలిపి అరకిలో పంపండి. గట్లు, చెట్ల నీడ, పెంటకుప్ప పెట్టిన చోటు వదిలేయండి. పాత ఎరువు సంచిలో మాత్రం వేయకండి, అంకె మారిపోతుంది. ఫలితం వచ్చాక కార్డు నకలు ఒకటి గ్రామ కమిటీకి ఇవ్వండి.