ధర్మనిధి మిగులు – పన్ను లెక్క

"ధర్మానికి పన్నేమిటండీ?" అని అడగని ధర్మకర్త నాకింతవరకు తారసపడలేదు. అడగడంలో తప్పులేదు. తాతగారి పేరనో తల్లిగారి పేరనో నాలుగు దుకాణాలు రాసిచ్చి, వాటి అద్దెతో బీదపిల్లలకు చదువు చెప్పిస్తున్న కుటుంబాలు మనలో చాలా వున్నాయి. ఆదాయపు పన్ను శాఖలో రిజిస్టరు చేయించుకున్నాం గనుక ఇక బెంగలేదని వారి నమ్మకం. కాని ఆ మినహాయింపు వట్టినే రాలేదు. దానికొక షరతు వుంది: వచ్చిన ఆదాయంలో నూటికి 85 వంతులు ఆ సంవత్సరంలోనే ధర్మానికి ఖర్చుకావాలి. మిగతా 15 వంతులూ ఎందుకు దాచారని ఎవరూ అడగరు. చట్టం చెప్పిన బ్యాంకు, పోస్టాఫీసు వంటి చోట్ల మదుపు పెట్టి వుంచితే చాలు.

ఖర్చు 85కు తగ్గితే ఏమవుతుంది? పేచీ అంతా ఇక్కడే వస్తుంది.

ఒక ట్రస్టు వుందనుకోండి. 2025 మార్చి 31తో ముగిసిన సంవత్సరంలో దుకాణాల అద్దె, మునిసిపల్ పన్నూ మరమ్మతులూ పోగా, 7,20,000 రూపాయలు. బ్యాంకు డిపాజిట్ల మీద వడ్డీ 3,30,000. మామూలు విరాళాలు 1,50,000. మొత్తం పన్నెండు లక్షలు. ఇది కాక ఒక దాత, "ఇది శాశ్వత నిధిలో వేయండి" అని కాగితం రాసి మరో రెండు లక్షలిచ్చారు. అలా రాసిచ్చిన పైకాన్ని వేరుగా, చట్టం చెప్పినచోట మదుపు పెట్టారు గనుక దాన్ని ఈ ఆదాయంలో కలపనక్కరలేదు. శాశ్వత నిధికని దాత చెప్పకుండా ఇచ్చి వుంటే కలిసేది సుమా.

పన్నెండు లక్షలకు నూటికి 85 చొప్పున 10,20,000. ఇంత ఖర్చు కావాలి. కోశాధికారిగారి పుస్తకంలో వేతనాలు 4,60,000, హాస్టలు భోజనాలు 2,40,000, పాఠ్యపుస్తకాలు 60,000, వెరసి 7,60,000 వుంది. ఇందులోంచి రెండు పద్దులు జారిపోతాయి.

మొదటిది పాఠ్యపుస్తకాల పద్దు. పుస్తకాలు ఫిబ్రవరిలో వచ్చాయి, పిల్లలకు పంచారు కూడా. దుకాణంవాడికి డబ్బు మాత్రం ఏప్రిల్లో ఇచ్చారు. చట్టం బిల్లును చూడదు, చెల్లింపును చూస్తుంది. కనుక ఆ 60,000 ఈ ఏటి ఖర్చు కాదు. నష్టమేమీ లేదు, డబ్బు చెల్లించిన మరుసటి ఏడు లెక్కకు వస్తుంది.

రెండోది మాత్రం తిరిగిరాని పద్దు. హాస్టలుకు బియ్యం, పప్పు కొని ఒకే వర్తకుడికి ఒకేరోజున 40,000 రూపాయలు నగదుగా ఇచ్చారు. ఒక మనిషికి ఒకరోజులో పదివేలకు మించి నగదు ఇస్తే అది ధర్మానికి ఖర్చయినట్టు ఒప్పుకోరు. పిల్లలు ఆ అన్నం తిన్నమాట నిజమే. అయినా చెక్కు ద్వారానో, బ్యాంకు బదిలీ ద్వారానో ఇవ్వవలసింది. ఇది కొంచెం నిర్దయ అనే నాకూ అనిపిస్తుంది, కాని దొంగబిల్లులకు అడ్డుకట్ట వేయాలంటే మరో దారి వారికి తోచలేదు కాబోలు.

ఆ లక్షా పోగా మిగిలిన అసలు ఖర్చు 6,60,000. కావలసింది 10,20,000. తరుగు 3,60,000. మరే ఏర్పాటూ చెయ్యకపోతే పన్నుకు లోబడే మిగులు ఇదే.

ఇక్కడ ఇద్దరు పొరబడుతూ వుంటారు. ఒకరు, పన్నెండు లక్షల్లో ఖర్చుపోగా మిగిలిన 5,40,000 మీదా పన్నేనని భయపడతారు. షరతు తప్పినా ఆ 15 వంతుల మినహాయింపు, అంటే 1,80,000, పోదు. రెండోవారు, ఖర్చుపోగా మిగిలిన 5,40,000కే నూటికి 15 కట్టి, 81,000 మాత్రమే వదులుతారు. అదీ తప్పే. ఈ వాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 'ప్రోగ్రాం ఫర్ కమ్యూనిటీ ఆర్గనైజేషన్' అనే సంస్థ కేసులో, 2001లో అచ్చయిన తీర్పు అది. అప్పట్లో వదిలేభాగం నూటికి 25 వుండేది. ఆ వంతును ఖర్చుపోగా మిగిలినదాని మీద కాదు, వచ్చిన మొత్తం ఆదాయం మీద కట్టాలని కోర్టు తేల్చింది. ఆ సంస్థకు వచ్చినది 2,57,376 రూపాయలు గనుక వదలవలసినది 64,344. తరవాత 2002 ఫైనాన్సు చట్టం 25ను 15 చేసింది గాని, లెక్కకట్టే పద్ధతి మారలేదు.

ఇప్పుడు ఆ 3,60,000 సంగతి. దాన్ని కాపాడుకోవడానికి చట్టం రెండు తలుపులు తెరిచింది. మన ట్రస్టుకు రెండూ పనికివస్తాయి.

డిపాజిట్ల వడ్డీలో 1,10,000 రూపాయలు లెక్కల్లో ఆదాయంగా రాశారు గాని, మార్చి ఆఖరుకు చేతికి రాలేదు, జూన్‌లో వస్తుంది. రాని డబ్బు ఎలా ఖర్చుపెడతారు? అందుకని ఫారం 9ఎ ఇచ్చి, ఆ మొత్తాన్ని ఈ ఏడే ఖర్చయినట్టు భావించమని కోరవచ్చు. డబ్బు చేతికి వచ్చిన ఏడాదిలోగాని, దాని మరుసటి ఏడాదిలోగాని నిజంగా ఖర్చుపెట్టాలి. అలా పెట్టిన ఖర్చును ఆ ఏటి 85 వంతుల్లో మళ్ళీ చూపకూడదు. ఒకే ఖర్చుకు రెండేళ్ళ పుణ్యం రాదన్నమాట.

అది పోగా మిగిలేది 2,50,000. హాస్టల్లో చదువుకునే గది కట్టించాలని ధర్మకర్తలకు ఎన్నాళ్ళనుంచో వుంది. ఆ సంగతి ఫారం 10లో రాసి, ఇంత మొత్తం, ఇన్నేళ్ళకు అని చెప్పి దాచుకోవచ్చు. గడువు అయిదేళ్ళు మించకూడదు. "ట్రస్టు ఆశయాల నిమిత్తం" అని డొంకతిరుగుడుగా రాస్తే ఆఫీసరు ఊరుకోడు. ఏ గది, ఎందుకు అన్నది ధర్మకర్తల తీర్మానంలోనే వుండాలి. ఆ పైకాన్ని మరో ధర్మసంస్థకు విరాళంగా ఇచ్చి చేతులు దులుపుకోవడానికీ వీల్లేదు.

ఈ రెండు ఫారాలూ రిటర్ను గడువుకు రెండు నెలలు ముందే అందాలని చట్టం. అసలు గడువులోపల ఇచ్చినా కాదనబోమని 2023లో కేంద్ర పన్నుల బోర్డు సర్క్యులర్లో సర్దిచెప్పింది. ఆ గడువూ దాటితే ఆలస్యాన్ని మన్నించమని అర్జీలు పెట్టుకుని తిరగాలి. నేను చూసినంతలో ఇళ్ళల్లో నడిచే ట్రస్టులు దెబ్బతినేది ఖర్చు తక్కువై కాదు, ఈ కాగితాన్ని అక్టోబరు దాకా ఆడిటరుగారి బల్లమీద నిద్రపుచ్చి.

2026 ఏప్రిల్ 1 నుంచి మొదలయ్యే లెక్కలకు 1961 చట్టం కాక, 2025 ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది. అందులోనూ 85 వంతుల షరతు వుంది, తరుగుమీదే పన్ను. సెక్షన్ల నంబర్లు మాత్రం మారాయి గనుక పాత కాగితాన్ని చూసి కొత్త రిటర్ను నింపకండి.

ఇక మన ట్రస్టు 2,50,000 దాచింది గదా. అయిదేళ్ళ గడువు 2030 మార్చి 31తో తీరుతుంది. అప్పటికి గదికి లక్షన్నరే ఖర్చయి వుంటే, మిగిలిన లక్షా ఆ ఆఖరి ఏటి ఆదాయంగా పన్నుకు వస్తుంది. ఆ గదికి పునాది ఎప్పుడు తవ్విస్తారో ధర్మకర్తలు ఇప్పుడే కాంట్రాక్టరుతో మాట్లాడుకోవాలి.