అప్పులవాడి భవిష్యనిధి

జుమా నమాజు ముగిసి జనం వెళ్లిపోయిన తరువాత ఒక సోదరుడు మస్జిదు స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉండడం గమనించాము. గుంటూరు దగ్గరి ఒక నూలు మిల్లులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న మనిషి. ఆయన అడిగిన మొదటి మాట ఇది: “హజ్రత్, ఐ.పి. పెడితే నా పి.ఎఫ్. కూడా పోతుందా?”

ఆయన సొంతానికి అప్పు చేయలేదు. బావమరిది ఒక చిట్టీ పాడుకున్నాడు. ఆ సొమ్ము చేతికి రావాలంటే జీతం వచ్చే మనిషి జామీను కావాలి. ఇంట్లో వాళ్ల ముఖం చూసి ఈయన సంతకం చేశాడు. బావమరిది కొన్ని వాయిదాలు కట్టి ఊరు విడిచాడు. చిట్టీ కంపెనీ రిజిస్ట్రారు వద్ద కేసు వేసి ఇద్దరి మీదా నాలుగు లక్షల రూపాయలకు తీర్పు పొందింది. అమలు కోసం అది కోర్టుకు వచ్చింది. మొదట అసలు బాకీదారునే పట్టుకోవాలన్న నియమం మన దేశ చట్టంలో లేదు. హనఫీ ఫిఖ్హ్‌లో కూడా కఫాలత్ స్వీకరించిన వాణ్ణి నేరుగా అడిగే హక్కు రుణదాతకు ఉంది. కనుక “నేను తినలేదు కదా” అన్న ఆయన వాదన రెండు చోట్లా నిలవదు. ఆ సంగతి ఆయనకు ముందే చెప్పవలసి వచ్చింది.

వసూలుకు వచ్చిన మనుషులు ఆయనకు ఒక సలహా ఇచ్చి వెళ్లారు: ఉద్యోగానికి రాజీనామా చేయి, పి.ఎఫ్. ఖాతాలోని ఆరు లక్షల ఎనభై వేలు తీసుకో, మా బాకీ కట్టేయి, లేకపోతే కోర్టు ద్వారా ఆ డబ్బు మేమే తీసుకుంటాము. ఈ సలహాలోని చివరి మాట అబద్ధం. ఆ అబద్ధాన్ని నమ్మి ఉద్యోగాలు వదులుకున్న కుటుంబాలను మేము చూశాము. అందుకే ఈ నెల ఈ విషయం ఎత్తుకున్నాము.

1952 నాటి ఉద్యోగుల భవిష్యనిధి చట్టంలోని 10వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. సభ్యుని ఖాతాలో నిలిచి ఉన్న సొమ్మును ఆయన చేసిన ఏ అప్పుకూ, ఏ బాధ్యతకూ బదులుగా ఏ కోర్టూ జప్తు చేయరాదు. సభ్యుడు తానే ఇష్టపడినా ఆ సొమ్మును ఇతరులకు బదిలీ చేయలేడు, తాకట్టు పెట్టలేడు. రోజువారీ వడ్డీలకు ఇచ్చేవారు కొందరు పి.ఎఫ్. ఖాతా పాస్‌వర్డునూ, సంతకం చేసిన ఖాళీ కాగితాలనూ హామీగా దగ్గర ఉంచుకుంటున్నారు. చట్టం దృష్టిలో అటువంటి తాకట్టుకు విలువ లేదు. పాస్‌వర్డు మాత్రం వెంటనే మార్చుకోవాలి.

ఇక ఐ.పి. సంగతి. వ్యక్తుల దివాలా పిటిషన్లు మన జిల్లాల్లో 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద నడుస్తూ వచ్చాయి. కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే ఆ మనిషి ఆస్తి రిసీవరు చేతికి పోతుంది. ఆయన దాన్ని అమ్మి రుణదాతలకు పంచుతాడు. అయితే అదే 10వ సెక్షన్ ఈ రిసీవరును పేరు పెట్టి మరీ ఆపింది. పి.ఎఫ్. సొమ్ముపై ఆయనకు ఏ హక్కూ లేదు. గ్రాట్యుటీకి 1972 నాటి చట్టంలోని 13వ సెక్షన్ ఇటువంటి రక్షణే ఇచ్చింది. కనుక ఆ సోదరుని ప్రశ్నకు జవాబు: పోదు. అలాగని మేము ఆయనకు ఐ.పి. పెట్టమని చెప్పలేదు. ఆయనకు ఉన్నది ఒక్క బాకీ, నెలనెలా జీతం. ఐ.పి. వల్ల ఆయనకు మిగిలేది ఊళ్లో చెడ్డపేరు తప్ప మరేమీ కనబడలేదు.

కోర్టు చేయగలిగింది ఒకటి ఉంది, జీతం జప్తు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 60వ సెక్షన్ దానికి కూడా హద్దు గీసింది. మినహాయించదగిన అలవెన్సులు పోగా లెక్కలోకి వచ్చే జీతంలో మొదటి వెయ్యి రూపాయలు ముట్టరాదు. మిగిలినదానిలో మూడింట రెండు వంతులు ముట్టరాదు. ఈయనకు ఆ జీతం ముప్పై ఒక్క వేలు. వెయ్యి తీస్తే ముప్పై వేలు, అందులో మూడో వంతు పది వేలు. అంటే నెలకు పది వేలు కోర్టుకు, ఇరవై ఒక్క వేలు ఇంటికి. ఒకే తీర్పు కింద ఈ కోత మొత్తం ఇరవై నాలుగు నెలలు సాగిన తరువాత, ఆ తీర్పు కోసం జీతాన్ని మళ్లీ జప్తు చేయడానికి వీల్లేదు. ఈ లెక్కన రెండు లక్షల నలభై వేలు తీరుతుంది. తీర్పు తరువాతి వడ్డీని పక్కన ఉంచితే లక్షా అరవై వేలు మిగులుతుంది. ఆ మిగిలిన బాకీ రద్దు కాదు. దాని కోసం జీతం మీద చేయి వేయలేరు, అంతే.

ఈ లెక్కను కాగితం మీద వేసి చూపినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మూడు నెలలుగా రాజీనామా పత్రం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడట.

రాజీనామా చేసి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పాలి. పి.ఎఫ్. కచేరీ నుంచి బయలుదేరిన సొమ్ము ఆయన బ్యాంకు ఖాతాలో పడిన క్షణం నుంచి పరిస్థితి మారుతుంది. 1976లో సుప్రీంకోర్టు ముందుకు ఇటువంటి వివాదమే వచ్చింది. అక్కడ కూడా బాకీ అడిగింది ఒక చిట్టీ కంపెనీయే, బాకీదారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. భవిష్యనిధి సొమ్ము ఉద్యోగి చేతికి చేరేదాకా దాని స్వభావం మారదనీ, అప్పటిదాకా జప్తు చేయరాదనీ కోర్టు చెప్పింది. ‘చేతికి చేరేదాకా’ అన్న మాట దగ్గరే తరువాతి తగాదాలన్నీ పుట్టాయి. 2008లో ఒక బ్యాంకుకూ ఒక విశ్రాంత ఉద్యోగికీ మధ్య నడిచిన కేసులో అదే కోర్టు ఒక అడుగు ముందుకు వేసింది. పింఛను, గ్రాట్యుటీ వంటి విరమణ ప్రయోజనాలు చేతికి అంది, ఫిక్సెడ్ డిపాజిట్లుగా మారినా రక్షణ కోల్పోవని తీర్పు ఇచ్చింది.

ఈ రెండో తీర్పు ఉంది కదా అని నిశ్చింతగా ఉండరాదు. కోర్టు ఉత్తర్వు అందిన బ్యాంకు ముందు ఖాతాను స్తంభింపజేస్తుంది. ఆ డబ్బు ఎక్కడిదని అది విచారించదు. అది విరమణ సొమ్మేనని రుజువు చేసుకునే భారం మన మీదే పడుతుంది. అమలు కోర్టులో అభ్యంతర పిటిషను వేయాలి. పి.ఎఫ్. కచేరీ లేక యజమాని నుంచి సొమ్ము వచ్చిన తేదీ, మొత్తం పాస్‌బుక్కులో కనబడాలి. అదే ఖాతాలో కూతురి పెళ్లికి తెచ్చిన చేబదులు, ధాన్యం అమ్మిన డబ్బు, చిట్టీ వాయిదాలు కలిసిపోయి ఉంటే ఏది ఏదో వేరు చేయడం న్యాయవాదికి కూడా కష్టం. విరమణ సొమ్ము కోసం వేరొక ఖాతా తెరిచి అందులో మరే డబ్బూ వేయకుండా ఉంచుకోవాలని మేము అనేది ఇందుకే. ఆ ఖాతా మనం బాకీ ఉన్న బ్యాంకులో ఉండకూడదు. కోర్టు ప్రమేయం లేకుండానే ఖాతాలోని నిల్వను తన బాకీకి జమ వేసుకోవడానికి బ్యాంకు ప్రయత్నించవచ్చు. ఆ తరువాత న్యాయం కోసం తిరగవలసింది మనమే.

ఇక్కడ పాఠకులలో కొందరికి మదరసాల్లో తరచూ వినిపించే మరొక మస్అలా గుర్తుకు వచ్చి ఉంటుంది. జీతం నుంచి తప్పనిసరిగా కోత పడే పి.ఎఫ్. సొమ్ము ఉద్యోగి ఖబ్జాలోకి రానంత వరకు దానిపై గడిచిన సంవత్సరాల జకాత్ విధి కాదని మన పెద్ద ముఫ్తీలు ఫత్వా ఇచ్చారు. సొంత ఇష్టంతో అదనంగా జమ చేసుకునే సొమ్ముకు ఇది వర్తించదు. కారణం ఒక్కటే, అది ఇంకా ఆయన చేతిలోని ఆస్తి కాదు. ఆశ్చర్యంగా 1976 నాటి న్యాయమూర్తుల ఆలోచన కూడా చేతికి చేరడం అన్న ఈ గీత దగ్గరే ఆగింది.

గీత ఈవల షరీఅత్ ఆ సోదరుని మీద భారం వేయదు. స్తోమత ఉండి బాకీ తీర్చడంలో జాప్యం చేయడాన్ని ప్రవక్త (స) దౌర్జన్యంగా పేర్కొన్నారు. కానీ ఉద్యోగం మానుకుంటేనో, లేని జబ్బు ఉందని దరఖాస్తులో రాస్తేనో తప్ప అందని సొమ్మును స్తోమత అనలేము. ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు గడువు ఇవ్వాలని సూరా బఖరాలోని 280వ ఆయతు రుణదాతను ఆదేశిస్తున్నది. ముఫ్లిస్ ఆస్తిని ఖాజీ అమ్మించే సందర్భంలో కూడా ఆయన ఒంటి మీది బట్టలు ఆయనకు వదలాలని ఫుఖహాలు రాశారు.

గీత ఆవల రెండు దారులూ విడిపోతాయి. విరమణ రోజున ఏడెనిమిది లక్షలు చేతిలో పడినప్పుడు, న్యాయవాది “ఇది జప్తుకు లొంగదు” అని చెబితే, కోర్టు వరకు అది నిజమే. అయితే ఆ లక్షా అరవై వేలు ఆయన మెడ మీదనే ఉన్నాయి. జప్తు చేయలేకపోవడం వేరు, అప్పు తీరిపోవడం వేరు. ఇప్పుడు ఆయన స్తోమత గలవాడు. డబ్బు ఉంచుకుని రుణదాతను తిప్పడం ఆయనకు హలాల్ కాదు. బావమరిది నుంచి తాను కట్టినదంతా రాబట్టుకునే హక్కు కఫీల్‌గా ఆయనకు ఉంది. అది వేరే లెక్క.

మరణం సంభవిస్తే ఈ తేడా మరింత పదునుగా కనబడుతుంది. సభ్యుడు మరణిస్తే పి.ఎఫ్. సొమ్ము నామినీకి చేరుతుందనీ, మృతుని అప్పులు గానీ, సభ్యుని మరణానికి ముందు నామినీ చేసిన అప్పులు గానీ దానికి అంటవనీ 10వ సెక్షన్ రెండో భాగం చెప్పింది. ఆ వితంతువును ఏ అప్పులవాడూ కోర్టుకు లాగి ఆ డబ్బు అడగలేడు. ఇది గొప్ప రక్షణ. కానీ ఫరాయిజ్ పాఠం మన పిల్లలకు కూడా వచ్చు. మయ్యిత్ ఖర్చుల తరువాత మొదట అప్పు, ఆ తరువాత మూడో వంతుకు మించని వసియ్యత్, ఆ తరువాతే వారసుల వాటాలు. నామినీ పేరు ఈ వరుసను మార్చదు. అప్పు ఉన్నట్టు ఇంట్లో వాళ్లకు తెలియకపోతే ఈ వరుస పాటించే వీలే ఉండదు.

ఆ మాట విన్నాక ఆయన అక్కడే కాగితం అడిగి తీసుకున్నాడు. చిట్టీ కంపెనీ పేరు, తీర్పు తేదీ, మొత్తం, నెలకు కోత ఎంత, చివరికి మిగలబోయేది ఎంత అన్నవన్నీ వరుసగా రాశాడు. రాజీనామా పత్రం చించి మస్జిదు బయట పారేశాడు. ఆ రాత్రి ఇంటికి వెళ్లి భార్యకు చదివి వినిపించాడట. తన తమ్ముని పేరు వచ్చిన చోట ఆ చెల్లెమ్మ కాసేపు ఏడ్చి, ఆ కాగితం అడిగి తీసుకుని, నామినేషన్ పత్రం నకలుతో కలిపి తన పెట్టెలో దాచుకున్నదట.