గడప దగ్గర ఆగని ట్రైలర్లు

సినాప్సిస్‌ని ట్రైలర్ స్క్రిప్టుగా మార్చడమంటే కథని కుదించడమేనని మనవాళ్ళకి గట్టి నమ్మకం. పేజీన్నర కథని రెండు నిమిషాలకి పిండితే ట్రైలర్ వచ్చేస్తుందనుకుంటారు. అందుకే మన ట్రైలర్లన్నీ ఒకే వరసలో నడుస్తాయి: హీరో పరిచయం, హీరోయిన్, రెండు జోకులు, విలన్, కాస్త ఏడుపు, కాస్త ఫైటు, చివర్న హీరో నోట ఒక పంచ్ డైలాగు, ఆ వెనకే ఊపిరాడనన్ని పేర్లతో టైటిల్ కార్డు. మొదట్నుంచి చివరిదాకా సౌండ్ మాత్రం పెరుగుతూ పోతుంది. దాన్నే ఉత్కంఠ అనుకోమంటారు.

పెద్ద హీరో సినిమాకి ఇది చెల్లుతుంది. అక్కడ అమ్మేది కథని కాదు, మనిషిని. ఆ మనిషి కనిపిస్తే చాలు. నా కోపం మిగతావాళ్ళ మీద. పేరున్న హీరో లేకుండా, కథ ఒక్కటే పెట్టుబడిగా తీసిన సినిమాలు కూడా అదే వరసని కాపీ కొడతాయి. ఉన్న ఒక్క ఆస్తినీ రెండు నిమిషాల్లో ఉచితంగా పంచేసి, లేని హీరోయిజాన్ని అమ్మడానికి కూర్చుంటాయి.

గాల్లో మాట్లాడటం ఎందుకు, ఒక కథ తీసుకుందాం. 2010లో రాజమౌళి తీసిన ‘మర్యాద రామన్న’. హాస్యనటుడు సునీల్ హీరో, కాబట్టి కథే బలం కావాల్సిన సినిమా. దాని మూలం బస్టర్ కీటన్ 1923లో తీసిన మూకీ ‘అవర్ హాస్పిటాలిటీ’లో ఉంది. అప్పట్లో దీనికి వచ్చిన ట్రైలర్ గురించి కాదు నేను మాట్లాడేది. సినాప్సిస్ చేతికిచ్చి ట్రైలర్ రాయమంటే ఎలా రాయాలన్నదే ఇక్కడి ప్రశ్న.

సినాప్సిస్ ఇలా ఉంటుంది. రాయలసీమలో రెండు కుటుంబాల మధ్య పాత పగ. ఆ పగలో రాము తండ్రి చేతిలో రామినీడు తమ్ముడు చనిపోతాడు. రాము ఇదేమీ తెలియకుండా హైదరాబాదులో పెరుగుతాడు. ఉన్న పని పోతుంది. సొంతూళ్ళో ఐదెకరాలు ఉన్నాయని తెలిసి, అమ్ముకుందామని రైలెక్కుతాడు. రైల్లో అపర్ణ పరిచయమవుతుంది. ఊళ్ళో సాయం కోసం చేరింది సరిగ్గా రామినీడు ఇంటికే, ఆమె రామినీడు కూతురే. ఇంట్లో రక్తం చిందకూడదన్నది ఆ ఇంటి నియమం. రాము గడప దాటితే చంపాలని రామినీడు, అతని కొడుకులు కాచుకుని ఉంటారు. సంగతి తెలిశాక రాము గడప దాటకుండా ఉండటానికి నానా తంటాలూ పడతాడు. ఆ తర్వాత ప్రేమ, ముగింపు.

మామూలు పద్ధతిలో రాసేవాడు మొదటి వాక్యంతోనే మొదలుపెడతాడు. గంభీరమైన గొంతు, కత్తులు, పాత పగ. అక్కడే చేయి జారింది. రాము రైలెక్కేలోపే మనకి అంతా తెలిసిపోయింది. సినిమాలో ఇది తప్పు కాదు. రాముకి తెలియనిది మనకి తెలియడం వల్ల, అతను నవ్వుతూ ఆ ఇంట్లోకి నడుస్తుంటే మన గుండె జారుతుంది. కానీ ఆ సుఖానికి సమయం కావాలి. ప్రమాదం మనకి తెలిసి, అతనికి తెలియక, మనం కాచుకుని కూర్చోవాలి. రెండు నిమిషాల్లో ఆ కాచుకోవడం కుదరదు. కాబట్టి ట్రైలర్లో వరస తిరగెయ్యాలి. మనం రాముతోపాటే ఆ ఇంట్లోకి నడవాలి, రాముతోపాటే ఇరుక్కోవాలి. సినిమా వరస వేరు, ట్రైలర్ వరస వేరు.

అయితే మొదటి పని ఏది? సినాప్సిస్‌లో ఏ వాక్యం తీసేస్తే ఇది ఇంకో వంద సినిమాల్లో ఒకటైపోతుందో దాన్ని పట్టుకోవడం. పాత పగ తీసేసి ఇంకో కారణం పెట్టొచ్చు. ప్రేమ తీసేసినా నడిపించొచ్చు. ‘గడప లోపల చంపరు, గడప దాటితే చంపుతారు’ అన్నది తీసేస్తే మాత్రం ఏమీ మిగలదు. ట్రైలర్ మొత్తం ఈ ఒక్క వాక్యం దాకా ఎక్కే మెట్లు. అది దాటి ఒక్క మెట్టు కూడా అక్కర్లేదు.

ఇక మెట్లు, అంటే బీట్లు. నాలుగు చాలు. మొదటి ఇరవై సెకన్లు: రాము, అతని సైకిలు, పోయిన పని, ఐదెకరాల కబురు. ఒక మనిషికి ఒక చిన్న కోరిక, అంతే. తర్వాత పాతిక సెకన్లు: రైలు, అపర్ణ, ఊరు, పెద్ద ఇల్లు, రామినీడు ఆదరణ. ఇది హాయిగా సాగాలి, ‘ఏదో కుటుంబ కథాచిత్రం’ అని చూసేవాడు కాస్త సడలాలి. మూడోది అన్నిటికన్నా చిన్నది, పది పన్నెండు సెకన్లు: సంగీతం ఆగిపోతుంది, వచ్చినవాడు ఎవరో ఇంటిపెద్దకి అర్థమైన ముఖం, గడప బయట కత్తులు. నాలుగోది నలభై సెకన్లు: రాము గడప దాటబోయి ఆగిపోయే షాట్లు, ఒకదాని వెనక ఒకటి, ప్రతిసారీ గడపకి ఇంకాస్త దగ్గరగా. చివరి షాట్‌లో పాదం గడప మీద గాల్లో ఉండగా నల్లతెర. మిగిలిన సమయం టైటిల్‌కీ ఆ తర్వాతి ముక్కకీ.

ఇందులో ఒక్క ఫైటు లేదు, ఒక్క పాట లేదు. అయినా ఎక్కుతూ పోతుంది, ఎందుకంటే ప్రతి మెట్టూ రాముకి ఉన్న దారుల్లో ఒకదాన్ని మూసేస్తుంది. మొదట ఊరికి వెళ్ళొచ్చు, రావొచ్చు. తర్వాత ఆ ఇంట్లోనే ఉండాలి. చివరికి ఆ ఇంట్లోంచి కదలకూడదు. ఉత్కంఠ పెరగడమంటే సౌండ్ పెరగడం కాదు, దారులు తగ్గడం.

దీనికి ఒక సులువైన పరీక్ష ఉంది. ‘సౌత్ పార్క్’ సృష్టికర్తలు కథలకి చెప్పిన సూత్రమే ఇక్కడా పనికొస్తుంది: రెండు బీట్ల మధ్య ‘కాబట్టి’ గానీ ‘కానీ’ గానీ పెట్టగలగాలి. ‘ఆ తర్వాత’ తప్ప ఇంకేం కుదరకపోతే మీ చేతిలో ఉన్నది ఇంకా సినాప్సిసే. పని పోయింది, కాబట్టి పొలం అమ్మడానికి వెళ్ళాడు. ఆదరించారు, కానీ చంపాలనుకుంటున్నారు. ఇంట్లో చంపరు, కాబట్టి బయటికి రాడు. ఇంకో పరీక్ష: సంగీతం తీసేసి చూడండి, మూడో బీట్‌నీ నాలుగో బీట్‌నీ తారుమారు చెయ్యండి. ఏమీ చెడిపోకపోతే అవి మెట్లు కావు, వరసగా పేర్చిన ఇటుకలు. మన ట్రైలర్లలో చాలావాటికి ఈ పరీక్ష పెడితే హీరోయిన్ ముందొచ్చినా విలన్ ముందొచ్చినా తేడా తెలియదు.

టీజర్ లైన్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ స్క్రిప్టు రాసేవాళ్ళు పాటించాల్సిన క్రమశిక్షణ ఒకటుంది. ప్రతి లైను పక్కనా అది ఎక్కడిదో రాసుకోవాలి: సినిమాలోని డైలాగా, వ్యాఖ్యానమా, తెరమీద కార్డా? సినిమాలో లేని మాటని పాత్ర నోట రాస్తే ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఆ షాట్ దొరకదు. కొత్తగా రాసేది ఏదైనా కార్డులోకే వెళ్ళాలి. కార్డు మీద నాలుగైదు మాటలు దాటితే చదివేలోపే తెర మారిపోతుంది. నేనైతే ఈ సినిమాకి నాలుగే కార్డులు రాస్తాను, ఒక్కో బీట్‌కి ఒకటి:

ఊళ్ళో అతనికి ఐదెకరాలున్నాయి.

ఆ ఇంట్లో అన్నం పెట్టారు.

గడప లోపల చుట్టం.

గడప దాటితే…

ఇందులో ఒక్క విశేషణం లేదని గమనించండి. ‘భయంకరమైన పగ’, ‘ఊహించని మలుపు’ లాంటివి రాయడమంటే, ప్రేక్షకుడు పడాల్సిన భయాన్ని మనమే పడిపోయి అతనికి రసీదు ఇవ్వడం. మలుపు ఊహించనిదో కాదో అతను తేల్చుకుంటాడు. నాలుగో కార్డు వాక్యాన్ని పూర్తి చెయ్యదు. దాన్ని పూర్తి చెయ్యాల్సింది టైటిల్.

ఇక్కడే నాకు అసలు మంట. టైటిల్ కార్డు అంటే మనవాళ్ళకి చిరునామా బోర్డు. సమర్పణ, నిర్మాత, బ్యానర్, సంగీతం, రిలీజ్ తేదీ, వీటి మధ్య ఎక్కడో టైటిల్. ‘గడప దాటితే…’ అన్నాక నల్లతెర మీద ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ తర్వాత ఒంటరిగా ‘మర్యాద రామన్న’ అని పడితే ఏమవుతుందో ఊహించండి. తెలివైన తీర్పులు చెప్పే మర్యాద రామన్న మనకి చిన్నప్పటి కథల్లోంచి తెలుసు. ఆ పేరు ఇప్పుడు ఇంకోలా వినిపిస్తుంది. ఎవరి మర్యాద? అన్నం పెట్టి చంపాలని కూర్చున్నవాళ్ళదా, చావు భయంతో అతి వినయంగా కూర్చున్న ఇతనిదా? మొదటి సెకన్లో ఇదే టైటిల్ వేస్తే అదొక పేరు, అంతే. నూరో సెకన్లో వేస్తే అదొక చమత్కారం. సినిమావాళ్ళు ఎంతో ఆలోచించి పెట్టిన టైటిల్‌ని నిర్మాతల పేర్ల కింద పాతిపెట్టడం కన్నా దండగ ఇంకోటి లేదు.

పేర్లు వెయ్యక తప్పదు, ఒప్పందాలుంటాయి. వెయ్యండి, రెండో కార్డు మీద. టైటిల్ తర్వాత అయిదారు సెకన్ల ముక్క ఒకటి పెట్టొచ్చు: బయల్దేరమంటే రాము ఏదో ఒక సాకు వెతుక్కునే షాట్. ప్రేక్షకుడు నవ్వుతాడు, ఇది రక్తపాతం సినిమా కాదని అతనికి అర్థమవుతుంది. ఆ వెనకే పేర్లు, తేదీ.

‘మరి మీరూ కథ చెప్పేశారుగా’ అంటారు. చెప్పాను, కానీ చెప్పింది చిక్కుని, ముగింపుని కాదు. రాజమౌళి ‘ఈగ’ మొదలుపెట్టినప్పుడే, చనిపోయినవాడు ఈగగా పుట్టి పగ తీర్చుకుంటాడని బాహాటంగా చెప్పేశారు. జనం ఏమీ తగ్గలేదు. ఈగ ఎలా పగ తీర్చుకుంటుందో చూడ్డానికి వచ్చారు. చిక్కు చెబితే ‘ఎలా’ అన్న ప్రశ్న పుడుతుంది. దాని పరిష్కారం కూడా చూపిస్తే ఆ ప్రశ్న చచ్చిపోతుంది. రాము చివరికి గడప దాటాడా, అపర్ణ సంగతేమైంది, రామినీడు మనసు మారిందా అన్న మూడింటిలో ఒక్కటైనా ట్రైలర్లో కనిపించకూడదు.

ఈ పద్ధతికి హద్దు కూడా ఉంది. చిక్కే రహస్యమైన సినిమాలకి ఇది పనికిరాదు. 1960లో హిచ్‌కాక్ ‘సైకో’కి ఆరు నిమిషాలు దాటిన ట్రైలర్ చేశాడు. అందులో కథ నడవదు. ఆయనే సెట్‌లో తిరుగుతూ, ఇదిగో ఈ గది, ఇదిగో ఈ మెట్లు అంటూ గైడులా చూపిస్తాడు, అసలు మాట దగ్గరికి రాగానే మింగేస్తాడు. చివర్న స్నానాలగది తెర లాగితే ఒక కేక. అక్కడ అమ్మింది కథని కాదు, ఆ ఇంటిని. దాచాల్సింది ఏదో తెలిసినవాడికే చూపించాల్సింది ఏదో తెలుస్తుంది.

‘అన్నీ ఉన్నాయని కొనేవాళ్ళకి చూపించాలి కదా’ అన్నది చివరి వాదన. పాట ఉంది, ఫైటు ఉంది, సెంటిమెంటు ఉంది అని. అది సరుకుల జాబితా. బయ్యర్లకి ఇవ్వాలంటే కాగితం మీద రాసి ఇవ్వండి. ట్రైలర్ చూసేవాడు బయ్యర్ కాదు, టికెట్టు కొనాలా వద్దా అని తేల్చుకుంటున్నవాడు. అతన్ని గడప దాకా తీసుకెళ్ళి ఆపండి. లోపలికి రావడానికి అతనే డబ్బులిస్తాడు.