గుడగుడకు మందు చెంబెడు నీళ్లు కాదు

సంపాదకులకు,

బాత్రూమ్‌లో మురుగు వాసన, గుడగుడ చప్పుడు వస్తే నహానీ ట్రాప్‌లో చెంబెడు నీళ్లు పోస్తే చాలన్న మీ వ్యాసం సలహా సగమే నిజం. ఎండాకాలం తాళం వేసి ఊరెళ్లిన ఇంటికైతే అది సరిపోతుంది. ట్రాప్‌లో రెండంగుళాల మేర నిలవాల్సిన నీరు మా కాగజ్‌నగర్ ఎండలకు ఆవిరైపోతే, సెప్టిక్ ట్యాంకు గాలికి దారి దొరుకుతుంది. కానీ ఎండిన ట్రాప్ చప్పుడు చేయదు.

ఫ్లష్ నొక్కగానే పైపు నిండా దిగే నీళ్లు వెనక నుంచి గాలిని లాగుతాయి. ఆ గాలి డాబా మీది వెంట్ పైపులోంచి రావాలి. దాని నోరు మూసుకుపోతే ట్రాప్‌లోంచే వస్తుంది. బుడగలు లేస్తాయి, అందులో నిలిచిన నీరూ పోతుంది. మా పక్కింట్లో జరిగింది ఇదే. రోజూ వాడే బాత్రూమే, అయినా పొద్దున పోసిన నీరు సాయంత్రానికి ఉండేది కాదు. డాబాకు వాటర్‌ప్రూఫింగ్ చేసినవాళ్లు పైపు నోటికి సిమెంటు సంచి కట్టి, విప్పడం మరిచిపోయారు. అది విప్పాక చప్పుడూ వాసనా రెండూ పోయాయి.

ట్రాప్ నింపి, ఫ్లష్ చేసి, టార్చి వేసి చూడండి. నీటిమట్టం తగ్గితే డాబా ఎక్కాలి. నీరు పైకి పొంగినా, నెమ్మదిగా దిగినా ముందు మురుగు లైను, ట్యాంకు చూపించుకోవాలి. అవేవీ చూడకుండా ఎన్ని నీళ్లు పోసినా, ఎంత ఫినాయిల్ చల్లినా దండగే.

— ఒక విశ్రాంత మిల్లు కార్మికుడు, కాగజ్‌నగర్