జంట గీత మరిచిపోవద్దు

ఇంటర్ రెండో ఏడాది బైపీసీ పిల్లలకు జువాలజీలో జన్యుశాస్త్రం మొదలైందంటే లింగ నిర్ధారణ, వర్ణాంధత, వంశవృక్షం మీద ప్రశ్నలు వరసగా వస్తాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లోనూ ఆ లెక్కలే. వాటిలో భార్యాభర్తలు దాదాపు ఎప్పుడూ ఒకరికొకరు ఏమీ కారు. మన ఇళ్లలో అలా కాదు. మేనమామను చేసుకున్నవాళ్లు, మేనత్త కొడుకును చేసుకున్నవాళ్లు ఇంకా చాలామంది కనిపిస్తారు. పిల్లలు సొంత ఇంటి వంశవృక్షం గీస్తే తడబడేది సరిగ్గా అక్కడే.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. పెద్దాయనకు, పెద్దావిడకు రంగులు బాగానే తెలుస్తాయి. వాళ్ల కొడుక్కి మాత్రం పచ్చటి చెట్టు మీద పండిన మిరపకాయ వెంటనే ఆనదు. అక్క కూతుర్నే చేసుకున్నాడు. ఆ అమ్మాయికి, ఆమె తల్లిదండ్రులకు చూపులో ఏ తేడా లేదు. వీళ్లకు పుట్టిన బాబుకూ వర్ణాంధతే. ఇంట్లో అందరూ ‘నాన్న పోలిక’ అంటారు. అసైన్‌మెంట్‌లో చాలామంది రాసేదీ అదే: తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది కాబట్టి ఇది ఎక్స్ క్రోమోజోమ్ మీది లక్షణం కాదు.

ఆ జవాబు తప్పు. తండ్రి కొడుక్కి ఇచ్చేది వై క్రోమోజోమ్. ఎరుపు, ఆకుపచ్చ రంగులను పోల్చుకోవడానికి కావలసిన జన్యువులు ఉన్నది ఎక్స్ మీద. ఆ బాబుకు ఉన్న ఒక్క ఎక్స్ తల్లి ఇచ్చిందే. తల్లికి ఎక్కడిది? ఆమె తల్లి నుంచి, ఆ తల్లికి పెద్దావిడ నుంచి. తండ్రికి వచ్చిందీ ఆ పెద్దావిడ నుంచే. ఒకే లోపం రెండు దారుల్లో ఒకే ఇంటికి చేరింది. అందుకే రక్తసంబంధం ఉన్న దంపతుల మధ్య ఒక గీత కాకుండా జంట గీత గీయాలి. అది మరిచిపోతే పటం తప్పుదారి పట్టిస్తుంది.

ఇక లెక్క. కొడుక్కి లోపం ఉంది, పెద్దాయనకు లేదు కాబట్టి పెద్దావిడ క్యారియర్. ఆమె కూతురు క్యారియర్ అయ్యే అవకాశం సగం, మనవరాలికి పావు. బాబు పుట్టకముందు లెక్కేస్తే, ఈ జంటకు పుట్టే కొడుక్కి వర్ణాంధత వచ్చే అవకాశం పావులో సగం, అంటే ఎనిమిదిలో ఒకటి. కూతురికీ అంతే, ఎందుకంటే తండ్రి ఇచ్చే ఎక్స్ ఎలాగూ లోపమున్నదే. ఆయన బయటి సంబంధం చేసుకుని ఉంటే? మగవాళ్లలో నూటికి నలుగురికి వర్ణాంధత ఉందనుకుంటే, కూతురికి వచ్చే అవకాశం నూటికి నాలుగు. ఇక్కడ నూటికి పన్నెండున్నర. బాబు పుట్టాక మాత్రం తల్లి క్యారియరేనని తేలిపోయింది. ఇకపై పుట్టే ప్రతి బిడ్డకూ అవకాశం సగం.

మేనరికమైతే చాలు, ప్రతి లోపమూ పెరుగుతుందని రాయడమూ పొరపాటే. వర్ణాంధత పెద్దాయనకు ఉండి, పెద్దావిడలో ఆ లోపం అసలు లేదనుకోండి. అప్పుడు మేనమామకు తండ్రి నుంచి వచ్చింది వై మాత్రమే. ఆయన దగ్గర లోపమే లేదు. మేనకోడలు క్యారియర్ కావచ్చు గానీ, ఆమె బయటివాణ్ణి చేసుకున్నా, మేనమామను చేసుకున్నా కొడుకులకు ముప్పు ఒక్కటే. కాబట్టి లోపం ఏ వైపు నుంచి దిగిందో ముందు చూసుకోవాలి.

పటాన్ని సరిచూసుకునే గుర్తు ఒకటుంది. ఎక్స్ మీది అంతర్గత లక్షణమైతే, లోపమున్న కూతురి తండ్రికీ ఆ లోపం ఉండి తీరాలి. తండ్రి చూపు మామూలుగా ఉంటే ఆ ఊహను పక్కన పెట్టాల్సిందే.

మార్కులు పోయే ఇంకో చోటు ప్రశ్నలోని మాట. తల్లి క్యారియర్, తండ్రి మామూలు అయితే ‘కొడుక్కి వర్ణాంధత వచ్చే అవకాశం’ సగం. ‘పుట్టే బిడ్డ వర్ణాంధత ఉన్న కొడుకు అయ్యే అవకాశం’ పావు. రెండో దానిలో మగబిడ్డ పుట్టే సగాన్ని కూడా గుణించాలి. ఆ సగం ప్రతి కాన్పుకూ కొత్తగా లెక్కే. ఇద్దరు ఆడపిల్లల తర్వాత మూడో బిడ్డ ఆడపిల్ల అయ్యే అవకాశం ఎంత అంటే ఎనిమిదిలో ఒకటి అని రాసేస్తారు. సగమే. ఎక్స్ వచ్చేదా, వై వచ్చేదా తేల్చేది తండ్రి వీర్యకణం. ఈ పాఠం చదివి ఇంటికెళ్లిన పిల్లలు, మళ్లీ ఆడపిల్లేనా అని కోడల్ని నిందించే పెద్దల ముందు ఆ మాట చెప్పగలగాలి.

లెక్చరర్లకు నాదొక విన్నపం. ఈసారి ఇచ్చే అసైన్‌మెంట్‌లో మేనమామ, మేనకోడలి జంట ఉన్న వంశవృక్షం ఒకటైనా పెట్టండి. పేర్లు, ఇళ్లు కల్పితమైతే చాలు, ఏ పిల్లా తన ఇంటి సంగతి బయటపెట్టాల్సిన పని ఉండదు. రంగుల చుక్కల మధ్య అంకెలు కనిపెట్టే ఇషిహారా పటాలను కూడా ఒక్కసారి, ఒక్కొక్కరికి విడిగా చూపించండి. రైల్వేలో లోకో పైలట్ ఉద్యోగానికి వెళ్లినవాళ్లు తమకు వర్ణాంధత ఉన్న సంగతి మెడికల్‌లోనే మొదటిసారి తెలుసుకోవడం కంటే పదిహేడేళ్లకే తెలుసుకోవడం మేలు.