గదికి అద్దె తీసుకోండి, అన్నం మాత్రం అమ్మకండి

పిల్లలు చదువులకో ఉద్యోగాలకో వెళ్ళిపోయాక మూడు బెడ్‌రూముల ఫ్లాట్లలో ఒక గది ఎలా మిగిలిపోతుందో మనందరికీ తెలుసు. ముందు ఇస్త్రీ బట్టలు చేరతాయి, తరవాత బియ్యం బస్తా, ఆ తరవాత పాత సూట్‌కేసులు. ఏడాది తిరిగేసరికి ఆ గది తలుపు తియ్యడమే మానేస్తాం. ఆ గదిని ఉద్యోగం చేసుకునే ఒక అమ్మాయికి ఇస్తే నెలకింత వస్తుంది కదా అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. వచ్చిన వెంటనే "రెండు పూటలా భోజనం కూడా పెట్టేస్తే ఇంకాస్త వస్తుంది, ఎలాగూ మనకి వండుకుంటాంగా" అన్న ఆలోచన కూడా వస్తుంది. నా అభ్యంతరమంతా ఈ రెండో ఆలోచన మీదే.

రెండురోజులకొకరు వచ్చిపోయే అతిథి గదుల పద్ధతి గురించి నేను మాట్లాడటం లేదు. అపార్టుమెంట్లలో అసోసియేషన్లు దానికి సాధారణంగా ఒప్పుకోవు, ఒప్పుకున్నా రోజుకో కొత్త మొహానికి తలుపు తీసే ఓపిక నాకైతే లేదు. నేను చెప్పేది ఒకే మనిషి, కనీసం ఏడాదిపాటు, మన ఇంట్లోనే మనతో ఉండే పద్ధతి.

కూకట్‌పల్లిలో ఉండే మా వదిన రెండేళ్ళుగా ఇలా ఒక గది ఇస్తోంది. వాళ్ళబ్బాయి బెంగళూరు వెళ్ళాక ఖాళీ అయిన గది అది. బాత్రూం గదిలోనే ఉంది, మంచం, బీరువా, ఏసీ ముందే ఉన్నాయి. కొత్తగా కొన్నది ఒక పరుపు, తలుపుకి బయటనుంచీ లోపలనుంచీ వేసుకునే తాళం, ఒక సబ్ మీటరు, అంతే. గోడ కొట్టలేదు, పైపు మార్చలేదు. అద్దె 7,500, అడ్వాన్సు రెండు నెలలది. మొదట తనూ భోజనంతో కలిపి 11,000 అడుగుదామనుకుంది. ఇద్దరం కూర్చుని కాగితం మీద లెక్క వేశాం. అదే మీకూ చెబుతాను.

భోజనానికి అదనంగా వచ్చేది 3,500. ఒక మనిషికి నెలకి బియ్యం ఆరేడు కిలోలు, 400 అనుకోండి. కాఫీకీ పెరుగుకీ కలిపి రోజుకి అర లీటరు పాలు, 900. కూరగాయలు 1,000. పప్పు, నూనె, చింతపండు, పోపు సామాను 500. వదిన వాళ్ళకి 45 రోజులు వచ్చే గ్యాస్ బండ ముగ్గురికైతే 32 రోజులే వస్తుందని లెక్కేస్తే నెలకి మరో 250. మొత్తం 3,050. మిగిలేది 450 రూపాయలు. నెలకి 60 పూటలు వండి పెడితే పూటకి ఏడున్నర రూపాయలన్నమాట. అందులోనే అంట్లు, అందులోనే "ఆంటీ, నేను వంకాయ తినను". ఆదివారం మనం ఏ పెళ్ళికో వెళ్తే ఆ పూట ఏం పెట్టాలన్న బెంగ కూడా అందులోనే. ఏడున్నర రూపాయలకి మన ఆదివారాలు అమ్ముకోవడం నాకు నచ్చలేదు, వదినకీ నచ్చలేదు.

"ఇంట్లో ఎలాగూ వండుతావుగా" అనేవాళ్ళకి నా జవాబు ఒకటే. ఎలాగూ వండేది ఇంట్లోవాళ్ళకి. వాళ్ళకి ఓ రోజు పచ్చడి మెతుకులు పెట్టొచ్చు, ఓ రోజు ఒంట్లో బాగాలేదని పడుకోవచ్చు. డబ్బు తీసుకున్నాక అది ఉద్యోగం. ఉద్యోగమైనప్పుడు జీతం చూసుకోవాలి కదా.

వదిన చేసిన ఏర్పాటు ఇది. ఫ్రిజ్‌లో ఒక అర ఆ అమ్మాయిది. గదిలో నీళ్ళు కాచుకునే కెటిల్ పెట్టుకోవచ్చు. పొద్దున్న ఏడు నుంచి ఏడున్నర దాకా, రాత్రి తొమ్మిది తరవాత వంటగది వాడుకోవచ్చు, తన గిన్నెలు తనే కడుక్కోవాలి. పండగలకీ పబ్బాలకీ వదినే పిలిచి పులిహోర పెడుతుంది. అది లెక్కలో లేదు కాబట్టే ఇద్దరికీ సంతోషంగా ఉంటుంది.

ఇక కరెంటు. ఇంటి ఆడవాళ్ళు తరచుగా నష్టపోయేది ఇక్కడే, పైగా నష్టపోతున్నట్టు తెలియదు కూడా. వదిన వాళ్ళిద్దరికీ మామూలు నెలల్లో 190 యూనిట్లు కాలేది. తెలంగాణ గృహ వినియోగ రేట్లలో 200 లోపు ఉంటే మొదటి వందకి యూనిట్‌కి 3.40, ఆ పైన 4.80. అంటే స్థిర చార్జీలు కాకుండా 772 రూపాయలు. అమ్మాయి వచ్చాక ఆమె గదిలో 100 యూనిట్లు కాలి మొత్తం 290 అయింది. 200 దాటగానే ఏం జరుగుతుందంటే, మొదటి 200 యూనిట్ల రేటే 5.10కి మారిపోతుంది, పై 90 యూనిట్లకి 7.70 పడుతుంది. 1,020కి 693 కలిపితే 1,713. అంటే ఆ వంద యూనిట్ల వల్ల పెరిగింది 941 రూపాయలు. బిల్లుని యూనిట్లతో భాగించి "సగటున ఆరు రూపాయలు పడుతోంది, ఆరే ఇవ్వమ్మా" అంటే నెలకి 300 పైన మన జేబులోంచి పోతాయి.

అందుకే సబ్ మీటరు. ఆ గదికీ బాత్రూం గీజరుకీ వెళ్ళే లైను మీద మామూలు ఎలక్ట్రీషియనే పెడతాడు. వదిన ముందే యూనిట్‌కి 9 రూపాయలని చెప్పి కాగితంలో రాయించింది. వేసవిలో వాళ్ళిల్లే 300 దాటుతుంది, అప్పుడు పై యూనిట్లకి అసలు రేటే 9. ఇల్లు 200 దాటి 300 లోపు ఉండే నెలల్లో ఓ రూపాయి ఎక్కువ తీసుకున్నట్టవుతుంది, ఇలాంటి మామూలు నెలల్లో కొంచెం తక్కువ. మొత్తం మీద న్యాయంగానే ఉంది. ఏసీ రాత్రికి అయిదారు యూనిట్లు తాగేస్తుందని సంతకానికి ముందే ఆ అమ్మాయికి చెప్పడం మర్యాద. మొదటి మే నెల బిల్లు చూసి గొడవపడటం కన్నా అది నయం.

కాగితం సంగతి. మామూలుగా అందరూ 11 నెలలకి రాసుకుంటారు. అయితే మామూలు అద్దె ఒప్పందం ఫారం కొనుక్కొచ్చి పేర్లు నింపడం మన పద్ధతికి సరిపోదు. మనం ఇల్లు అద్దెకివ్వడం లేదు, మన ఇంట్లోని గది వాడుకోవడానికి అనుమతి ఇస్తున్నాం. దీన్ని లీవ్ అండ్ లైసెన్స్ అంటారు, ఆ మాటతోనే రాయించుకోవాలి. ఇంటి స్వాధీనం మనదేనని, గది రెండో తాళంచెవి మన దగ్గర ఉంటుందని, ఒక నెల ముందు చెప్పి ఎవరైనా ముగించుకోవచ్చని అందులో ఉండాలి. రెండో తాళంచెవి ఉందికదా అని ఆమె లేనప్పుడు గదిలోకి వెళ్ళకూడదు, నీళ్ళు కారడంలాంటి అవసరం వస్తే ఫోన్ చేసి చెప్పి వెళ్ళాలి. ఇదీ రాసుకోవాలి. ఆధార్ అంకెలు దాచిన కాపీ, ఆఫీసు గుర్తింపు కార్డు కాపీ, తల్లిదండ్రుల ఫోన్ నంబరు తీసుకుని, వివరాలు దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో ఇవ్వడం ఇద్దరికీ మంచిది. మీరే అద్దె ఫ్లాట్‌లో ఉంటే మాత్రం ఇంటి ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకోనిదే ఈ పనికి దిగొద్దు. మిమ్మల్ని ఖాళీ చేయించడానికి అదొక్కటి చాలు.

డబ్బు ఎవరిదన్న ప్రశ్న కూడా ఉంది. గది శుభ్రం, మాట మంచీ, మీటరు రీడింగు అన్నీ చూసేది వదిన. ఫ్లాటు అన్నయ్య పేరు మీద ఉంది. అద్దె వదిన ఖాతాలో పడినా, పన్ను లెక్కలో అది ఇంటి యజమాని ఆదాయమే. మొదటి ఏడాది ఒక నెల గది ఖాళీగా ఉంది, 11 నెలలకి 82,500 వచ్చింది. అందులో 30 శాతం మరమ్మతులకని చట్టమే తీసేస్తుంది, మిగిలిన 57,750 అన్నయ్య ఆదాయంలో కలుస్తుంది. ఆయన 20 శాతం శ్లాబులో ఉన్నాడు కాబట్టి సెస్సుతో కలిపి 12,000 దాకా పన్ను. "చూపించకపోతే ఏమవుతుంది?" అని ఆయనా అడిగాడు. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఆ అమ్మాయి తన ఆఫీసులో ఇంటద్దె మినహాయింపు కోసం ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. లక్ష లోపైనా రసీదు అడుగుతుంది, ఇవ్వాలి. దాచే ఉద్దేశంతో మొదలుపెట్టొద్దు. పన్ను అన్నయ్య కడతాడు, అద్దె పూర్తిగా వదినది అని వాళ్ళిద్దరూ అనుకున్నారు. "గది మీదే, పని నాదే" అంది వదిన. అన్నయ్య నవ్వాడు గానీ మాట తప్పలేదు.

ఎవరికి ఇవ్వాలన్నది మంచి చెడ్డల ప్రశ్న అనుకుంటాం. నిజానికి అది ముందు వేళల ప్రశ్న. రాత్రి షిఫ్టు చేసే పిల్ల ఎంత మంచిదైనా పగలు పడుకోవాలి. మన ఇంట్లో పగలే కుక్కరు కూతలు, పనమ్మాయి బకెట్ల చప్పుడు. పదిరోజుల్లో రెండువైపులా మొహాలు ముడుచుకుంటాయి. వదిన మొదట అడిగేది షిఫ్టు, రెండోది శని, ఆదివారాలు ఊరెళ్తుందా ఇక్కడే ఉంటుందా అన్నది. రాత్రి పదిన్నర తరవాత వస్తే ముందే మెసేజ్ పెట్టాలి, రాత్రి బస చేసే స్నేహితులు కుదరదు. ఈ రెండూ కాగితంలో ఉన్నాయి. అవి తప్ప ఎక్కడికెళ్ళింది, ఎవరితో మాట్లాడింది అన్నది వదిన అడగదు. పాతికేళ్ళ మనిషికి మనం అమ్మ కాదు, వార్డెన్ అంతకన్నా కాదు. ఇంట్లో మగవాళ్ళున్నప్పుడు ఆ అమ్మాయి గదికి లోపలి గడియ గట్టిగా ఉందా, బాత్రూం కిటికీకి అద్దం సరిగ్గా ఉందా అని మనమే ముందు చూడాలి. అన్నయ్య హాల్లో బనీనుతో తిరగడం మానేశాడు. ఇది చిన్న మార్పేం కాదని ఆయన వాదన.

తేడా వస్తోందని ఎలా తెలుస్తుందంటే, అద్దె తేదీ ఐదు నుంచి పన్నెండుకి జారడం ఒక గుర్తు. అప్పుడే అడగాలి, రెండో నెల దాకా ఆగకూడదు. సబ్ మీటరు ఉన్నట్టుండి రెండింతలు తిరగడం మరో గుర్తు, గదిలో ఇంకెవరో ఉంటున్నారేమో చూసుకోవాలి. అన్నిటికన్నా అసలైన గుర్తు మనలోనే ఉంటుంది. ఆ అమ్మాయి ఇంట్లో ఉందని మన హాల్లోకి మనమే రావడం మానేస్తున్నామంటే, 7,500 కాదు కదా 15,000 ఇచ్చినా ఆ ఏర్పాటు ముగించాల్సిందే. నెల ముందు చెప్పి, అడ్వాన్సులోంచి కరెంటు బాకీ మాత్రం మినహాయించుకుని, మిగతాది గది ఖాళీ చేసిన రోజే చేతిలో పెట్టాలి. వదిన ఆ 15,000 ముట్టుకోకుండా వేరే ఖాతాలో ఉంచుతుంది, అద్దెలోంచి మిగిలిందే తన డబ్బు అంటుంది.